అంచు కోసిన నోట్సు

ప్రమోషన్‌కు శాఖాపరమైన పరీక్ష పాసవ్వాలి. పుస్తకాలు చూసి రాయొచ్చు. అయినా నేను రెండుసార్లు తప్పాను. జవాబు ఏ పేజీలో ఉందో వెతికేలోపే గంట కొట్టేవారు. ఇదే చివరి అవకాశం.

ఈసారి నోట్సుకు పేజీ నెంబర్లు వేశాను. మొదటి పేజీల్లో అక్షరక్రమంలో సూచిక రాశాను. ప్రశ్నలో ఏ మాట వస్తుందో తెలియదు కాబట్టి ఒకే విషయాన్ని ‘సెలవు, ప్రసూతి’ అనీ, ‘ప్రసూతి సెలవు’ అనీ రెండు చోట్ల చేర్చాను. సెలవులకు పసుపు, ప్రయాణ భత్యానికి ఆకుపచ్చ, పింఛనుకు ఎరుపు కాగితం చీటీలు, ఒకదాన్నొకటి కప్పకుండా మెట్లుమెట్లుగా పేజీల అంచున అతికించాను.

పులివెందులలో మా ఇంట్లో నా భార్య వంటింట్లోంచి పరీక్ష పెట్టేది.

“ప్రసూతి సెలవు!”

“పసుపు, నలభై ఒకటి!”

“శానా గొప్ప. ఉప్పు డబ్బా యాడుందో చెప్పుండి చూద్దాం.”

హాల్లోకి విడి కాగితాలు తేకూడదు, నోట్సు బైండు చేసి ఉండాలి. పరీక్ష ప్రొద్దుటూరులో. ముందురోజే వెళ్లి అక్కడే ఒక బైండింగ్ అంగట్లో ఇచ్చి, టీ తాగి వచ్చాను. పుస్తకం చక్కగా, నున్నగా ఉంది. కటింగ్ మిషన్ కింద నేల మీద పసుపు, ఆకుపచ్చ, ఎరుపు ముక్కలు రాలి ఉన్నాయి.

“చీటీలేవప్పా?” అన్నాను.

“అంచంతా గలీజుగా ఉండె మామా. మూడు పక్కలా కోసినా. ఏ పుస్తకమైనా కోయకుండా ఇయ్యం.”

“అవే నాకు కావాల్సింది!”

“అట్లనా? ఉండు, కవర్లో ఏసిస్తా.”

నిజంగానే ఊడ్చి కవర్లో వేసిచ్చాడు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

పేజీ నెంబర్లు లోపలికి వేసినందువల్ల బతికాయి. సూచిక కూడా పనిచేస్తుంది. పోయింది రంగులే. కోసిన అంచును వేలితో తడిమాను. గట్టిగా మూసి పట్టుకుంటే పలకలాగా ఉంది. పక్క అంగట్లో స్కెచ్ పెన్నులు కొని, బయట అరుగు మీద కూర్చుని, ఒక్కో విభాగం పేజీలను బిగించి పట్టి, అంచు మీద ఒక్కో రంగు పూశాను. పైన పసుపు, దాని కింద ఆకుపచ్చ, అడుగున ఎరుపు.

బైండింగ్ ఆయన తొంగిచూశాడు. “నున్నగ కోసిచ్చింటే మళ్లా గలీజు చేస్తాండావే!”

మరునాడు హాల్లో పర్యవేక్షకురాలు ఒక్కో పుస్తకాన్నీ దులిపింది. అతికించిన చీటీలు ఊడొచ్చేవి కాబట్టి విడి కాగితాల కిందే లెక్క అని అందరివీ పీకి బుట్టలో వేసింది. నా ముందు కూర్చున్నాయన “మేడం, అవి నా ప్రాణాలు!” అని మొత్తుకున్నాడు. నా పుస్తకాన్ని తలకిందులు చేసి దులిపింది. ఏమీ రాలలేదు.

“ఏందిది, జెండానా?”

“రంగు అంటుకునింది మేడం.”

మొదటి ప్రశ్న బదిలీ ప్రయాణ భత్యం. సూచిక చూసి, ఆకుపచ్చ పట్టీ దగ్గర బొటనవేలు పెట్టి తెరిచాను. రెండు పేజీలు తిప్పగానే దొరికింది. చివరి జవాబు రాశాక కూడా సమయం మిగిలింది. నాకు అలవాటు లేని సంగతి అది. ఏం చేయాలో తోచక, అడగని ప్రశ్నలకు కూడా పేజీలు తీసి చూసుకుంటూ కూర్చున్నాను.

పాసయ్యాను.