ఎనిమిదో తరగతికి వచ్చిన కోడి

నంద్యాల నుంచి రోజూ బస్సెక్కి ఆళ్లగడ్డ హైస్కూలుకు పోయి పిల్లలకు బొమ్మలు నేర్పే డ్రాయింగ్ టీచర్ని నేను. ఆ ఏడాది నా ఎనిమిదో తరగతిలో ఇద్దరు పిల్లలు నాకు నిద్ర లేకుండా చేశారు. ఒకతె రాళ్లు చెక్కేవాళ్ల ఇంటి పిల్ల. వాళ్ల నాయన దేవుడి విగ్రహాలు చెక్కుతాడు. నడక నేర్చినప్పటి నుంచి గీతల మధ్యే పెరిగింది. పెన్సిల్ పట్టిందంటే చాలు, చూస్తుండగానే బొమ్మ అయిపోతుంది. రెండోవాడు కోళ్లు పెంచే ఇంటి పిల్లోడు. కాగితం చేతికి ఇస్తేనే చెమటలు పట్టేవి. గీసేది రెండు గీతలు, చెరిపేది ఇరవై. చివరికి కాగితానికి చిల్లు పడేది. అప్పుడు చిల్లు మీద మోచెయ్యి పెట్టుకుని కూర్చునేవాడు. మిగతా తరగతంతా ఈ ఇద్దరి మధ్యలో ఎక్కడో ఒకచోట ఉండేది.

మొదట అందరికీ ఒకే పాఠం పెట్టాను. బల్ల మీద స్టీలు చెంబు పెట్టి చూసి వేయమన్నాను. పీరియడ్ సగం కాకముందే ముందు బెంచీ మీద ఒక పిల్ల ఏడ్చింది, రాళ్లింటి పిల్ల ఆవలించింది. కాగితాలు తీసుకుని స్టాఫ్ రూములో చూస్తే నాకే ఆశ్చర్యం. ఎన్నడూ గుండ్రం కూడా రాని పిల్లల చెంబులు కూడా తళతళలాడుతున్నాయి. అన్నిటికీ కుడిపక్కన ఒకే సొట్ట. ఆ సొట్ట కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకు తప్ప కనిపించదు. కిటికీ పక్కన కూర్చునేది రాళ్లింటి పిల్ల.

పిలిచి అడిగాను. "ఏమ్మే, అందరి చెంబులూ నువ్వే వేసినావా?"

"నాది అయిపోయింది టీచర్. ఊరికే కూర్చోలేక..." అంది.

పాపం, తప్పు నాది కూడా. పని లేని చేతులకు నేనేమీ ఇవ్వలేదు.

మరుసటి వారం తెలివిగా తరగతిని మూడు గుంపులు చేశాను. భయపడేవాళ్లకు మామిడికాయ, నడిమివాళ్లకు చెంబు, బాగా వేసేవాళ్లకు చెంబు కింద ముడతలు పడిన గుడ్డ. అయిదు నిమిషాల్లో మామిడికాయ గుంపులోంచి ఒకడు లేచాడు.

"మాకు చెంబు ఇచ్చేంత తెలివి లేదా టీచర్?"

ఇంకొకడు ఓదార్చాడు. "కూర్చో రా. మనది మొద్దు బెంచీ. కాయన్నా ఇచ్చినారు."

నేను గుడ్డ ముడతల దగ్గరికి పోయి వచ్చేలోపల మామిడికాయ మీద పెద్ద పంటిగాటు కనిపించింది. ఎవరు కొరికారో తేలలేదు. కాకపోతే ఆ రోజు వచ్చిన మామిడికాయ బొమ్మల్లో సగం కొరకకముందువి, సగం కొరికిన తర్వాతవి.

పీరియడ్ అయినాక కోళ్లింటి పిల్లోడు తలుపు దగ్గర నిలబడి గొణిగాడు.

"చెంబు కదలదు టీచర్. అందుకే తప్పు తెలిసిపోతాది. కదిలేదయితే అందరికీ తప్పే వస్తాది కదా?"

బస్సులో నంద్యాల వచ్చేదాకా ఆ మాటే నా బుర్రలో తిరిగింది. వాడు తప్పించుకోవడానికి అన్న మాటలో నాకు కావాల్సిన పాఠం ఉంది. అందరి ముందూ ఒకే వస్తువు ఉండాలి, కానీ ఎవరి పని వాళ్లకు వేరుగా ఉండాలి. మరుసటి రోజు వాణ్ణి పిలిచి, "కదిలేది ఏం తెస్తావ్ నాయనా?" అన్నాను. వాడి ముఖంలో మొదటిసారి వెలుగు చూశాను.

తర్వాతి డ్రాయింగ్ పీరియడ్‌కు గంప కింద ఎర్ర కోడిపెట్ట వచ్చింది. దాని కాలికి దారం కట్టి బల్ల కాలికి ముడేశాం. రబ్బర్లన్నీ అడిగి తీసుకుని నా టిఫిన్ డబ్బాలో పడేసి మూత పెట్టాను. "నేను పది లెక్కపెట్టేలోపల ఒక కోడి. పది అనగానే అది వదిలేసి పక్కన ఇంకో కోడి. బాగుందా లేదా అని ఎవరూ చూడరు" అన్నాను. భయపడేవాళ్లకు ఇంకో మాట చెప్పాను. కాగితం చూడొద్దు, కోడినే చూడండి. ముక్కు దగ్గర మొదలుపెట్టి వీపు మీదుగా తోక దాకా ఒకే గీత, పెన్సిల్ ఎత్తకుండా. నడిమివాళ్లు ఆ గీత కింద గుడ్డు ఆకారం పెట్టి, మెడ ఎటు వంగిందో చూసుకోవాలి.

కోళ్లింటి పిల్లోడికి చెరపడానికి ఏమీ లేదు, చెరిపే తీరికా లేదు. "పోయింది టీచర్! ఇంకోటి!" అని అరుస్తూ కాగితం నిండా కోళ్లు పరిగెత్తించాడు. కొన్ని దుమ్ము తుఫానులా ఉన్నాయి. కానీ ప్రతిదీ ఎక్కడికో పోతోంది.

ఏడ్చే వంతు ఈసారి రాళ్లింటి పిల్లది. అలవాటు ప్రకారం ఒక కన్ను మూసి, చెయ్యి చాపి, పెన్సిల్‌తో కొలత తీసుకునేది. కొలత కాగితం మీద పెట్టేలోపల కోడి వెనక్కి తిరిగేది.

"మా నాయన చెక్కే గరుడపక్షి గమ్మున ఉంటాది టీచర్. దీన్ని కొంచెం నిలబెట్టండి."

"నా మాట వినదు కదమ్మా" అన్నాను. "కోడంతా వద్దు. రెక్కా వద్దు, ఈకా వద్దు. కాలు ఎత్తినప్పుడు వేళ్లు ఏమవుతున్నాయో అదొక్కటే చూడు."

చూసింది. ఎత్తినప్పుడు వేళ్లు ముడుచుకుంటాయి, దించేటప్పుడు విచ్చుకుంటాయి. అది కనిపెట్టినాక మళ్లీ తల ఎత్తలేదు. కాగితం మీద వరసగా కాళ్లే.

తరగతి అంత నిశ్శబ్దంగా ఉండటం నేను ఎన్నడూ చూడలేదు. ఆ నిశ్శబ్దంలో దారం ముడి ఊడింది.

కోడి వరండా దాటి నేరుగా హెడ్మాస్టరు గదిలో దూరింది. ఆ రోజు తనిఖీకి వచ్చిన ఆఫీసరు అక్కడ టీ తాగుతున్నాడు. మేము పోయేసరికి హెడ్మాస్టరు సారు కాళ్లు రెండూ కుర్చీలోకి ఎత్తుకుని ఉన్నారు. కోడి బల్ల ఎక్కి బిస్కెట్లు చూస్తోంది.

"ఇది డ్రాయింగ్ పీరియడ్డా, పెళ్లి భోజనమా అమ్మా?" అన్నారు సారు.

కోళ్లింటి పిల్లోడు ఒక్క చేత్తో కోడిని పట్టుకున్నాడు. ఆఫీసరు కోప్పడతాడనుకుంటే, కాగితాలు చూపించమన్నాడు. రాళ్లింటి పిల్ల కాగితం చూసి, "కాళ్లు బాగున్నాయి. మిగతా కోడి ఎవరు తిన్నారు?" అన్నాడు. ఎవరి పని ఏమిటో, ఎందుకు వేరుగా ఇచ్చానో చెప్పాను. ఆయనకు నమ్మకం కుదరలేదు. జేబులోంచి పెన్ను తీసి, "నేను వేస్తా ఉండండి" అని తనే మొదలుపెట్టాడు. కాసేపటికి పెన్ను ఆగింది. ఆయన చెయ్యి మెల్లగా కాగితం మీదికి జరిగి బొమ్మను కప్పేసింది.

"నాకు చిన్నప్పటి నుంచీ రాదు లేమ్మా" అన్నాడు.

కోడిని చంకలో పెట్టుకున్న పిల్లోడు ఒక అడుగు ముందుకేశాడు. "కాగితం చూడొద్దు సార్. కోడిని చూడండి. తప్పు పోతే పోనీ, ఇంకోటి వేద్దురు గానీ."

ఆయన బుద్ధిగా కోడిని చూస్తూ ఒక గీత గీశాడు. అది కోడి కాదు గానీ, కోడికి దూరపు చుట్టమని చెప్పొచ్చు. దాన్ని మడిచి జేబులో పెట్టుకుపోయాడు.

ఆయన పోయినాక హెడ్మాస్టరు సారు కాళ్లు కిందికి దించి ఒకే ఒక్క షరతు పెట్టారు. ప్రాణమున్నది ఏదీ ఇక బడి గేటు లోపలికి రాకూడదు.

ఆ మాట తరగతిలో చెప్పాను. అందరూ నీరుగారిపోయారు. కోళ్లింటి పిల్లోడు మాత్రం కొంచెం ఆలోచించి చెయ్యి ఎత్తాడు.

"మనమే గేటు బయటికి పోతే?" అన్నాడు. "మా ఇంటికాడ పాలిచ్చే ఎనుము ఉంది టీచర్. ఒకసారి పడుకుందంటే సాయంత్రం దాకా కదలదు."

"కదలకపోతే తప్పు తెలిసిపోతాది కదా నాయనా?"

"తెలిస్తే తెలియనీ" అన్నాడు వాడు, అప్పటికే పెన్సిల్ చెక్కుకుంటూ.