డప్పు మేస్త్రి బిగించిన జాలీ

దోమల జాలీని డప్పులా బిగిస్తాడని ఆయనకు డప్పు మేస్త్రి అని పేరు. ఆ జాలీ మీదికి దూకిన పిల్లి ఎదురింటి డాబా మీద తేలిందంటే నమ్మాలి మరి!

ఇప్పుడు తోడల్లుడి షాపులో పని నిలవాలంటే ఈ కిటికీ జాలీ ఫ్రేము సరిగ్గా రావాలి. మేస్త్రి అల్యూమినియం పట్టీలను ఏటవాలుగా కోసి, మూలల్లో వాటిని కలిపే క్లీట్లు, అంటే ఎల్ ఆకారం ముక్కలు, దూర్చి ఫ్రేము కలిపాడు. జాలీ పరిచి, గట్టిగా లాగిపట్టి, రోలర్‌తో రబ్బరు తాడును గాడిలోకి నొక్కాడు. ఒక్క ముడత లేదు. కానీ పొడుగు పట్టీలు రెండూ నడుము దగ్గర లోపలికి వంగాయి. కిటికీలో పెడితే పక్కన వేలు దూరేంత సందు.

"ఇప్పటి పట్టీలు పలచన అన్నయ్యా. లాగొద్దన్నానా లేదా? తాడు దిగితే జాలీ అదే బిగుస్తుంది," అన్నాడు తోడల్లుడు.

"లాగలేదు తమ్ముడూ, ఊరికే పట్టుకున్నా."

"నువ్వు లాగితే గోడలు కూడా దగ్గరికొస్తాయేమో!"

మేస్త్రి తాడు ఊడదీసి, పట్టీల మధ్య చెక్క అడ్డంపెట్టి, కొత్త జాలీ పరిచాడు. లాగకూడదని పళ్లు బిగబట్టాడు. రోలర్ కదలగానే ఎడమచెయ్యి తనంతట తానే గుంజింది. చెక్క తీయగానే పట్టీలు మళ్లీ వంగాయి.

తోడల్లుడు రోలర్ అందుకుని సొరుగులో పెట్టేశాడు. "రేపట్నుంచి రావొద్దు అన్నయ్యా. వదినకి నేనే చెప్తాలే."

మేస్త్రి తలూపాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తోచలేదు.