రాలేనని రాసిన పరామర్శ

అల్లూరు పోస్టాఫీసు అరుగుమీద పద్మనాభయ్యది ఒక చాప, ఒక సిరాబుడ్డి, ముక్కుమీద కోపం. పంతొమ్మిదివందల అరవైల మొదట్లో సముద్రపొడ్డు జాలరి పాళేల్లో ఎవరికి ఉత్తరం ముక్క కావాలన్నా ఆయన దగ్గరికే రావాలి. చేతిరాత ముత్యాల్లా ఉండేది. చెవులు మాత్రం అంత బాగా పనిచేసేవి కావు. చెవుడని కాదండోయ్, వినే ఓపిక లేదు. ఎదుటివాడు నోరు తెరిచేలోపల "తెలిసిందిలే" అని కలం సిరాలో ముంచేవాడు.

ఒకనాడు పొద్దున్నే పాళెం నుంచి ముత్యాలయ్య వచ్చినాడు. తలగుడ్డ చేతిలో నలుపుకుంటూ నిలబడినాడు.

"అయ్యా, కృష్ణపట్నంలో కామమ్మ మొగుడు పోయినాడు. పరామర్శకి నాలుగు మంచి మాటలు రాసియ్యి."

"తెలిసిందిలే," అన్నాడు పద్మనాభయ్య.

ఇట్టాంటివి ఎన్ని రాసుంటాడు! చావు ఇంటికి పోయే ఉత్తరంలో "ఇక్కడ మేము క్షేమం" అని మొదలుపెట్టకూడదు, మొగుడు పోయిన ఆడదాన్ని "సౌభాగ్యవతి" అని పిలవకూడదు. అవన్నీ ఆయనకు కొట్టిన పిండి. గబగబా రాసి, గొంతు సవరించుకుని చదివినాడు.

"గౌరవనీయులైన కామమ్మ గారికి. తమ పెనిమిటిగారు పరమపదించిన వార్త విని మిక్కిలి విచారించినాము. విధి బలీయము. స్వయముగా రాలేకపోయినందుకు మన్నించవలెను."

ముత్యాలయ్య మొహం మాడిపోయింది. "రాలేనని రాసినావా? అయ్యా, ఎంత పని చేసినావు! నేను పోతుండా గదా!"

"పోయేవాడివి కాయితం ఎందుకడిగినావయ్యా?"

"ఏం మాట్లాడాలో తెలీకనే! నువ్వు రాసిస్తే, నోటికి పట్టించుకొని ఆడ చెబుదామని."

పద్మనాభయ్య కలం కింద పెట్టినాడు. "ఇంతకీ ఆమె నీకేమవుతుంది?"

"తోడబుట్టింది. మా అక్క."

"ఓరి నీ ఇల్లు బంగారం కానూ! ఆ ముక్క ముందే చెప్పొద్దా?"

"నువ్వు అడిగితే గదా!"

నిజమే, అడగలేదు. అక్కను పట్టుకుని "గౌరవనీయులైన" అంటే, అది పరామర్శ కాదు, తెగతెంపులు. అందులోనూ ఈ అక్కాతమ్ముళ్ళకు అప్పటికే మాటల్లేవు. కామమ్మ తన కొడుక్కి ముత్యాలయ్య కూతుర్ని అడిగింది. మేనరికం వద్దని ముత్యాలయ్య బయటి సంబంధం చేసినాడు. ఆనాడు మూసుకున్న వాకిలి ఇంతవరకూ తెరుచుకోలేదు. ఎల్లుండి పెద్దకర్మ. ఆరోజు కామమ్మమీద పుట్టింటివాళ్ళు తెచ్చిన కోక పడాలి. ఆమెకు పుట్టిల్లంటే ఇక ఈ తమ్ముడొక్కడే. "పొమ్మంటే ఏం జేసేది అయ్యా? కోక చంకలో పెట్టుకొని వెనక్కి రావాల్నా?" అని ముత్యాలయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

పద్మనాభయ్య కాయితాన్ని పరపరా చించేసినాడు. "కూర్చో. విధి, గిధి అని ఊళ్ళోవాళ్ళు చెబుతారు. తమ్ముడు చెప్పే మాట అది కాదు. ఆమెను ఏమని పిలిచేవాడివి?"

"అక్కమ్మా అని."

"మీ బావ నీకేం చేసినాడు?"

ముత్యాలయ్య తలగుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడు. "చిన్నప్పుడు పడవలో నా నడుం పట్టుకొని తెడ్డు వెయ్యడం నేర్పినాడు. పడతానేమోనని ఒడ్డుకొచ్చిందాకా వదల్లా."

"ఇంకేం, అది చెప్పు. బాగుండావా అని అడగొద్దు. వచ్చేటప్పుడు పోయొస్తానని అనొద్దు, లేచి వచ్చెయ్. ఆమె తిడితే పడు. పో, బస్సు తప్పిపోతుంది."

మనిషిని పంపించినాడే గానీ ఆయనకు ఆ రెండు రోజులూ అన్నం సయించలేదు. తను రాసిన ఉత్తరాలు ఎన్ని ఇళ్ళల్లో ఎంత చల్లగా దిగినాయో అని మొట్టమొదటిసారి దిగులుపడినాడు.

కర్మ ముగిసినాక ముత్యాలయ్య మళ్ళీ అరుగుదగ్గరికి వచ్చినాడు, మొహం చేటంత చేసుకుని.

"వాకిట్లో నన్ను చూసి మొహం తిప్పుకుందయ్యా. నాకు మాటలన్నీ ఎగిరిపోయినాయి. 'అక్కమ్మా, బావ నా నడుం వదల్లేదే' అన్నా. అంతే, వచ్చి నా రొమ్ముమీద దబదబా గుద్దింది. 'ఇన్నాళ్ళూ ఏ సముద్రంలో మునిగినావురా' అని ఒకటే ఏడుపు. కోక తీసుకుందయ్యా!"

"బతికించినావు," అన్నాడు పద్మనాభయ్య, పై కండువాతో మొహం తుడుచుకుంటూ.

"ఇప్పుడు నిజంగానే ఉత్తరం కావాల. కర్మ అయినాక పుట్టింట్లో ఒక రాత్రి నిద్ర చెయ్యాల గదా, అక్కని మా ఇంటికి పిలుచుకొని రావాల, నన్ను ఎప్పుడు రమ్మంటుందో అడుగు."

పద్మనాభయ్య చెయ్యి అలవాటుగా సిరాబుడ్డి దాకా పోయి ఆగింది. "ఉండు. మీ అక్కకు చదువు రాదు గదా. ఎవరు చదివి వినిపిస్తారు?"

ముత్యాలయ్య తల వంచుకున్నాడు. "వాడే. మా మేనల్లుడు గంగాధరం. నేను పిల్లనివ్వననిందీ వాడికే. కర్మనాడు కూడా నాతో పలకలా."

"అట్టాగా," అని పద్మనాభయ్య కొత్త కార్డు తీసి మోకాలిమీద పెట్టుకున్నాడు. "అయితే మొదటి మాట వాడికే రాద్దాం. తొందరేం లేదు, చెప్పు. వింటాను."