భార్యాభర్తల కేబిన్

ఆమెను ఓడ వంటగదిలో అందరూ సలాడ్ అక్క అంటారు. పొద్దున్నుంచి రాత్రి దాకా ఆకులు, కూరముక్కలు, పండ్లు కోసే చల్లటి విభాగం ఆమెది. ఓడ మీద ఉద్యోగమంటే దేశదేశాలు తిరగడమేగా అంటారు చుట్టాలు. అనేవాళ్ళకేం, నోటికి అడ్డేముంది? ఆమె చూసిన దేశాలన్నీ రేవు గోడలే. అవి కూడా చెత్తడబ్బా పారబోయడానికి పైకెళ్ళినప్పుడు.

ఎనిమిది నెలల కాంట్రాక్టు. ఆదివారం లేదు, పండగ లేదు. టిఫిన్ల వేళ ఒక షిఫ్టు, మధ్యాహ్నం ఒకటి, రాత్రి భోజనాలకు ఇంకొకటి. మధ్య మధ్య దొరికే గంటా రెండు గంటల్లోనే నిద్ర, స్నానం, బట్టలు ఉతుక్కోవడం, ఇంటికి ఫోను. కాంట్రాక్టు అయ్యాక రెండు నెలలు ఇంట్లో ఉండొచ్చు, కానీ జీతం రాదు. మళ్ళీ పిలుపు వస్తుందా, వస్తే ఏ ఓడకు అన్నది పై అధికారి రాసే రిపోర్టును బట్టి ఉంటుంది.

ఆమె భర్త భోజనశాలలో వెయిటరు. పెళ్ళయ్యాక నాలుగు కాంట్రాక్టులు ఆయన ఒక సముద్రంలో, ఆమె ఇంకొక సముద్రంలో. ఈసారి కాళ్ళావేళ్ళా పడితే ఇద్దరినీ ఒకే ఓడకు పంపి, కింది అంతస్తులో భార్యాభర్తల కేబిన్ ఇచ్చారు. కిటికీ లేదు. ఇద్దరూ ఒకేసారి నిలబడాలంటే ఒకరు మంచమెక్కాలి. అయినా ఆమెకు అదే రాజభవనం. వచ్చే కాంట్రాక్టుకూ ఇలాగే కావాలని అర్జీ పెట్టుకున్నారు. జవాబు ఆ వారంలోనే రావాలి.

ఆ మధ్యాహ్నం విరామంలో ఆయన బాత్రూమ్‌లోకి వెళ్ళి వచ్చాడు. వెంటనే మళ్ళీ వెళ్ళాడు. మూడోసారికి ఆమె లేచి కూర్చుంది.

"ఏవండీ, కడుపు పాడైందా?"

"ఏం లేదు, కాఫీ పడలేదు. పడుకో నువ్వు."

"పొద్దున్న కూడా వెళ్ళారుగా! డాక్టరుకు చెప్పండి."

"చెబితే తీసుకెళ్ళి వేరే గదిలో పడేస్తారు. నా రిపోర్టు రాసే వారమే ఇది. పొద్దున్నే ఎందుకు చెప్పలేదని వార్నింగ్ లెటర్ ఇస్తారు. ఇంక మనకు ఈ గది ఇస్తారనుకున్నావా? నీకు పుణ్యముంటుంది, నోరు మూసుకో."

తిండిని ముట్టుకునే వాడికి కడుపు పాడైతే ఆ క్షణమే పని ఆపి డాక్టరుకు చెప్పాలి. తగ్గాక కూడా రెండు రోజులు వంటగది గడప తొక్కకూడదు. మొదటి రోజు పాఠమిది, ఓడలో అందరికీ కంఠతా వచ్చు. దాచేదీ ఆ అందరే. ఆయన ముఖం కడుక్కుని, బో టై కట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆమె తన విభాగానికి వచ్చింది. మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడుక్కుంది, కొత్త గ్లవ్స్ వేసుకుంది. దోసకాయ సగం కోసి ఆగింది. కిందటి ఓడలో ఇలాగే ఒకడు దాచాడు. వారం తిరిగేసరికి ఓడ సగం మంచం పట్టింది, చేతికర్రతో నడిచే ఒక ముసలి ప్రయాణికుణ్ణి స్ట్రెచర్ మీద దించారు. మిగిలిన సిబ్బంది నిద్ర మాని రెయిలింగులు క్లోరిన్ నీళ్ళతో తుడిచారు. ఇప్పుడు తన భర్త ఇంకాసేపట్లో ఎవరెవరి ముందో రొట్టెలు పెడతాడు.

కత్తి కింద పెట్టి పెద్ద చెఫ్ దగ్గరికి వెళ్ళింది.

"చెఫ్, మా ఆయనకు పొద్దున్నుంచి విరేచనాలు. చెప్పకుండా డ్యూటీకి వెళ్ళాడు."

చెఫ్ వెంటనే ఫోను తీశాడు.

భోజనశాల తలుపులు తెరవకముందే ఆయన్ని బయటికి తీసుకొచ్చారు. ఆయన సర్దిన చెంచాలు మళ్ళీ కడిగారు, రొట్టెలు చెత్తలో పారేశారు. ఆయన్ని ఖాళీ కేబిన్‌లో పెట్టారు. నర్సు ఆమెను కూర్చోబెట్టి, నీకూ ఏమైనా ఉందా అని గుచ్చి గుచ్చి అడిగింది. ఏమీ లేదు. తేడాగా ఉంటే తక్షణం చెప్పమని హెచ్చరించి పనికి పంపింది. ఆ గదికి ఆమె ఫోను చేస్తే ఆయన ఎత్తలేదు. వాళ్ళ కేబిన్‌లో ఆమె ఒక్కతే పడుకుంది. నిద్ర పట్టలేదు, ఏడవడానికి కూడా ఓపిక లేదు.

ఆయన తేరుకున్నాడు. జవాబూ వచ్చింది. వచ్చే కాంట్రాక్టుకు ఆమెకు ఇదే ఓడ, ఆయనకు వేరే ఓడ.

రెండు రోజుల గడువు ముగిసి ఆయన డ్యూటీకొచ్చిన రాత్రి, ప్లేట్లు అందుకునే కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. చిక్కిపోయాడు. ఆమె ముఖం వైపు చూడలేదు.

"నాలుగు సలాడ్లు."

ఆమె అందించింది. ట్రే భుజాన పెట్టుకుంటూ అన్నాడు, "చేతులు కడుక్కునే వచ్చానులే. మళ్ళీ వెళ్ళి చెఫ్‌కు చెప్పకు."

ఆమెకు కళ్ళు నిండాయి. ఒక్క చుక్క పడినా ప్లేట్లన్నీ పారేయాలి. బల్ల దగ్గరి నుంచి వెనక్కి జరిగి, సింకు దగ్గర ముఖం కడుక్కుని, మళ్ళీ చేతులు కడుక్కుని, కొత్త గ్లవ్స్ వేసుకుంది. అప్పటికే కౌంటర్ దగ్గర ఇంకో వెయిటరు, "అక్కా, ఆరు సలాడ్లు, తొందరగా!" అని అరుస్తున్నాడు.