నూటికి పది

“నీ చేతిల పగలకపోతే ఆరు టైల్స్ ఏడికి పోయినయ్, ఖాజా భాయ్? ప్రాణహితల దుంకినయా?”

“గంగక్కా, జర సంభాళించుకొని మాట్లాడు. పెట్టెలు దిగిన నాడే చెప్పిన, తక్కువున్నయని. బండిల నాలుగు పగిలొచ్చినయి. కోతలకు కొన్ని పోతయి. అందుకే నూటికి పది ఎక్కువ రాయుమన్న.”

“రాయించిన! నా ముందట్నే రాసిండు నిలేషు. పది ఎక్కువ వచ్చినంక గూడ తక్కువైతున్నయంటే, ఖరాబు చేసింది ఎవరు?”

గుమ్మం బయట చెప్పులు విడవబోతున్న నిలేష్ అక్కడే ఆగిపోయాడు. మంచిర్యాల కాలేజీలో “సార్, మీరు గైడు చూసి చదువుతున్నరు” అని లెక్చరర్ మొహం మీదే అనేసి, చదువు వదిలేసి వచ్చిన పిల్లవాడు. ఎవరికైనా ఉన్నదున్నట్టు చెప్పడం తన గొప్ప అనుకునేవాడు. ఇప్పుడు గుమ్మం దాటకుండా గోడ పక్కకు జరిగాడు.

గంగక్క జింగనూర్ ఆశ్రమశాలలో హాస్టలు పిల్లలకు ఇన్నేళ్లూ అన్నం వండింది. ఇంటికొస్తే మట్టినేల. పేడతో అలికీ అలికీ మోకాళ్లు అరిగిపోయాయి. సర్కారు ఇల్లు మంజూరయ్యాక ఆమె కోరింది ఒక్కటే: వంగి అలకక్కర్లేని నేల. మహారాష్ట్రలోని సిరోంచ బడిలో మరాఠీ చదివిన ఆమెకు మాట తెలుగే గానీ తెలుగు రాత రాదు. మంచిర్యాల టైల్స్ దుకాణం సేఠేమో కొలతలన్నీ రాసి పంపితేనే ధరలు చెబుతానన్నాడు. అందుకని తెలుగు రాయడం వచ్చిన, తనను అత్తా అని పిలిచే పక్కింటి నిలేష్‌ను కూర్చోబెట్టుకుంది. హాలు కొలత, చిన్నగది కొలత, గోడల వెంబడి వేసే పట్టీ, చివర పగిలేవాటికి నూటికి పది. ఒక్కొక్కటే చెప్పి రాయించింది.

పది మాత్రం నిలేష్ రాయలేదు. పగలడానికని ఎవరైనా సరుకు కొంటారా? ఇది దుకాణపోళ్ల ఎత్తు అనుకున్నాడు. అత్తకు రెండు పెట్టెల ఖర్చు మిగిల్చానని లోలోపల మురిశాడు కూడా. ఆ కాగితం ఫోటో తీసి సేఠ్‌కు వాట్సాప్‌లో పంపాడు. సేఠ్ ఉన్న కొలతకు సరిగ్గా ధర కట్టి పంపాడు, అంతే సరుకు దించాడు. ఇప్పుడు అడిగితే ఆ బ్యాచ్ అయిపోయింది, కొత్తది తెచ్చినా రంగు కలవదంటున్నాడు.

ఖాజా మియా కట్టర్‌నూ తాపీనీ సంచిలో వేసుకుని బయటికొచ్చాడు. హాలు అద్దంలా పరిచిన మనిషి. చిన్నగదిలో టైల్స్ సిమెంటు లేకుండా ఉత్తగా పేర్చి చూసి, చాలక వదిలేశాడు.

“ఏం బేటా, గిట్ల నిలబడ్డవ్?” అంటూ నిలేష్ భుజం తట్టి వెళ్లిపోయాడు. ఆ చేయి తగిలిన చోటు మండింది.

పిలవాలనుకున్నాడు. ఖాజా మియా సందు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు లోపలికి వెళ్లాడు.

“అత్తా, ఆ పది నేను రాయలే.”

గంగక్కకు మొదట అర్థం కాలేదు. “ఏది రాయలే?”

“నూటికి పది. నువ్వు చెప్పినవు, నేను రాయలే. నీకు పైసలు మిగుల్తయనుకున్న.”

“ఫోన్ల ఉన్నదా ఆ చిట్టీ? చదువు.”

చదివాడు. హాలు నూట ఎనభై, గది వంద, పట్టీలు ముప్పై, మొత్తం మూడు వందల పది చదరపు అడుగులు. దాని కింద ‘ధరలు తెలుపగలరు’ అని ఉంది. మధ్యలో ఇంకేమీ లేదు.

తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననిపించింది. ఆమె అలాగే పేర్చిన టైల్స్ పక్కన చతికిలబడింది.

“మల్ల రాయి,” అంది వాటి మీద చెయ్యి వేసి. “ఇవి వరండాల పరిపిస్త. గదికి వేరే రంగు.”

ఈసారి ఆమె చెప్పిన ప్రతి మాటా పైకి పలుకుతూ రాశాడు.

‘సేఠ్ గారికి నమస్కారం. చిన్నగది నేల పది అడుగులకు పది, వంద చదరపు అడుగులు. నాలుగంగుళాల ఎత్తు పట్టీకి, తలుపు వదిలేసి, పదమూడు. మొత్తం నూట పదమూడు. పగిలేవాటికీ కోతలకూ నూటికి పది కలిపి నూట ఇరవై అయిదు. రెండడుగుల చదరపు టైల్, అన్ని పెట్టెలూ ఒకే బ్యాచ్‌వి కావాలి. పెట్టెకు ఎన్ని వస్తాయి, ధర ఎంత, బండి కిరాయి ఎంత, దారిలో పగిలితే మార్చి ఇస్తారా తెలుపగలరు. గంగక్క, సిరోంచ.’

“పంపినవా?”

“పంపిన. అత్తా, తప్పు నాది. కిరాయి నేనిస్త.”

“కిరాయి సంగతి తర్వాత.” ఆమె కొంగు కొస వేలికి చుట్టుకుంటోంది. “పొద్దుగాల నల్ల కాడ ఫహ్మిదాను పట్టుకొని, నీ మొగడు నా సరుకంత ఖరాబు చేసిండని నలుగురి ముందట అన్న. ఆమె బిందె గూడ నింపుకోకుండ పోయింది, నిలేషా.”

నిలేష్ ఫోన్ జేబులో పెట్టాడు. ఆ మాట ఆమె నోటి నుంచి వచ్చినా, పుట్టింది తన చేతిలోనే.

గంగక్క గోడ పట్టుకుని లేచింది. గుమ్మం దాకా నడిచి ఆగింది.

“నాకొక్కదానికి ఆ ఇంటికి పోవుడు కాదు బిడ్డా. నువ్వు ముందు నడువు. ఫహ్మిదా తలుపు తీసినంక, నేను నోరు తెరువకముందే నువ్వు చెప్పు.”