అండీ మాస్టారి పేజీ

మొన్న మా పాత విద్యార్థుల ఫోన్ గ్రూపులో ఒకడు పాత ఫొటో ఒకటి పెట్టి, "మన అండీ మాస్టారు! ఆయన కూడా నవ్వేశారు, అస్సలు ఫీలవలేదు, అదీ మనిషంటే" అని రాశాడు. కింద నవ్వు బొమ్మలు వరసకట్టాయి. ఈ కథ ఎవరు చెప్పినా ఇలాగే చెబుతారు. నేను ఒప్పుకోను. ఆయన నవ్వలేదు. పెదాలు కాస్త సాగాయి, అంతే. మూడడుగుల దూరంలో నిలబడి చూసినదాన్ని, ఆ పని చేసిన పిల్లల క్లాస్ టీచర్ని నేను. నా మాట ఎవరికీ అక్కర్లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఆయన మా స్కూల్లో లెక్కల మాస్టారు. స్కూలు ఏలూరులో, వట్లూరు వైపు. ఆయనది కొల్లేటి అంచున ఒక ఊరు. వాళ్ళ నాన్నగారు దోనె మీద వెళ్ళి వల వేసిన మనిషి. రోజూ రెండు బస్సులు మారి వచ్చేవారు. చొక్కా జేబులో సుద్దముక్కలు, మోకాళ్ళ దాకా మడిచి మళ్ళీ దించుకున్న ప్యాంటు మీద అప్పుడప్పుడూ ఎండిన బురద. గడ్డం కింద చర్మం కొంచెం వేలాడేది. ఆయనకున్న వింత ఒక్కటే. తొమ్మిదో తరగతి పిల్లల్ని కూడా మీరు అనేవారు. "ఏవండీ, ఇక్కడ మైనస్ ఎక్కడికి పోయిందండీ? మీరు మింగేశారాండీ?" మేం స్టాఫ్ రూములో నవ్వుకునేవాళ్ళం. ఒకసారి నేను అడిగేశాను కూడా, వేలెడంత లేని వెధవలకి అంత మర్యాద ఎందుకని. "మా నాన్నగారు నా స్కూలుకి వస్తే అందరూ ఆయన్ని ఒరే అని పిలిచేవారండీ. నా క్లాసులో ఎవరికీ ఆ పిలుపు ఉండకూడదనుకున్నానండీ" అన్నారు.

కెమెరా ఫోన్లు పిల్లల జేబుల్లోకి దిగుతున్న రోజులవి. వెనక బెంచీలో ఒకడు ఆయన పాఠాన్ని దొంగచాటుగా వీడియో తీశాడు. ఇంకొకడు పవర్‌పేటలో నెట్ సెంటర్లో కంప్యూటరు గంటకి ఇంతని అద్దెకు తీసుకుని, అందులోంచి అండీ ఒక్కటే కోసి, సినిమా డప్పు మీద నలభైసార్లు అతికించాడు. స్కూలు వార్షికోత్సవం గ్రూపు ఫొటోను స్కాన్ చేసి, ఆయన తలను కత్తిరించి, ముక్కు కింద సంచి వేలాడే కొల్లేటి గూడకొంగ మెడ మీద పెట్టారు. కొంగ సంచిలో చేపకి బదులు స్కేలు. పిల్లలంతా స్నేహాలు కట్టుకునే సైటు ఒకటుండేది ఆ రోజుల్లో. అందులో ఆయన పేరుతోనే దొంగ ఖాతా తెరిచి, ఇవన్నీ ఎక్కించారు. వృత్తి అన్న చోట "చేపలు పట్టుటండీ" అని రాశారు. పని బాగా చేశారు, ఒప్పుకోవాలి. చెవి దగ్గర అతుకు కూడా కనిపించలేదు.

నాకు తెలిసేసరికి అది మా సెక్షన్ దాటలేదు. ప్రిన్సిపాల్ గారి గదికి పరిగెత్తి చెప్పాను: "మా సెక్షన్ పిల్లల్ని పిలిచి, చేసిందెవరో అడిగి, ఈ పూటే తీయించండి. ఒక కాపీ సీడీలో ఎక్కించి మీ బీరువాలో పెట్టుకోండి. ఎక్కడా ఆ మాట ఎత్తొద్దు." ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుని, "సాక్ష్యం ఉండాలి కదండీ, శనివారం స్కూలు కమిటీ వాళ్ళు చూస్తారు, అప్పటిదాకా ఉండనివ్వండి" అన్నారు. ఉండనిచ్చి ఊరుకున్నా బాగుండేది. ఆ మధ్యాహ్నం అన్ని తరగతులకూ డైరీ నోటు వెళ్ళింది. ఫలానా సైటులో, ఫలానా పేరుతో ఉన్న పేజీని విద్యార్థులెవరూ చూడరాదు, తల్లిదండ్రులు సంతకం చేయవలెను. పేరులో స్పెల్లింగు తప్పు పోకూడదని బోర్డు మీద రాసి మరీ దింపించారు. ఐదో తరగతి వాళ్ళ చేత కూడా. ఆ సాయంత్రం నెట్ సెంటర్లో కుర్చీ దొరకలేదట.

తర్వాత కమిటీ పెద్దమనిషి ఒకాయన సలహా ఇచ్చారు: టీచర్లందరూ ఫిర్యాదు మీట నొక్కితే సైటు వాళ్ళే తీసేస్తారని. మీట నొక్కాలంటే ముందు మనకో ఖాతా ఉండాలి. కంప్యూటర్ సార్ మా అందరికీ వరసగా తెరిచిపెట్టారు, పేర్లతో, ఫొటోలతో. నొక్కాం. జవాబు లేదు. కానీ ఆ సైటులో, మన పేజీకి ఎవరెవరు వచ్చి చూశారో పేర్లు కనిపించే ఏర్పాటు ఒకటుంది. అది మాకెవరికీ తెలియదు, పిల్లలకి తెలుసు. మర్నాటికి ఆ పేజీ మీద, "మా స్టాఫు మొత్తం వచ్చి చూశారండీ, ధన్యవాదాలండీ" అని రాసి ఉంది. వచ్చినవాళ్ళ వరసలో నా మొహం మూడోది.

చేసింది ఎవరో నాలుగో రోజున తేలింది. ముగ్గురు. అందులో ముఖ్యుడు లెక్కల్లో ఫస్టు వచ్చేవాడు, మాస్టారికి వాడంటే ప్రాణం. వాళ్ళ నాన్న చేపల చెరువులున్న మనిషి, ఉండి అనే ఊరి నుంచి కారులో వచ్చాడు. "పిల్లలండీ, తమాషాకి చేశారు. టీసీ ఇస్తారా? వచ్చే ఏడు పదో తరగతండీ" అన్నాడు. "మీ తల కొంగకి పెడితే తమాషాగానే ఉంటుందా?" అన్నాను. ప్రిన్సిపాల్ గారు నన్ను బయటికి పంపేశారు. గుమ్మం అవతల నిలబడి కూడా వాదించాను: టీసీ వద్దు, వదిలెయ్యనూ వద్దు, నాలుగు గోడల మధ్య మాస్టారితో మాట్లాడించండి అని. గోడకి చెప్పుకున్నట్టే అయింది. ఆ కుర్రాడి చేత పాస్‌వర్డు కొట్టించి పేజీ తీయించారు. అప్పటికి ఆ వీడియో బ్లూటూత్‌లో ఎన్ని ఫోన్లలోకి వెళ్ళిందో వాడికే తెలియదు. శిక్ష మాత్రం అందరి ముందూ ఉండాలన్నారు. సోమవారం ప్రార్థన వేళ స్టేజీ మీద క్షమాపణ.

స్కూలంతా మైదానంలో నిలబడి ఉంది. మాస్టారిని స్టేజీ మీద కుర్చీలో కూర్చోబెట్టారు. నేను మైకు పక్కన. ముగ్గురి తరఫునా ఆ కుర్రాడే వచ్చి నిలబడ్డాడు. కళ్ళనిండా నీళ్ళు. నటన కాదు, ప్రమాణం చేసి చెప్పగలను. గోదావరి పిల్లాడు, పెద్దవాళ్ళతో ఇంకెలా మాట్లాడతాడు? "తప్పయిపోయిందండీ, మాస్టారూ" అన్నాడు.

మైదానం మొత్తం ఒక్కసారి నవ్వుతో పగిలింది. ముందు ఏడో తరగతి వరస, ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. అండీ, అండీ, అండీ అని వెనక నుంచి చప్పట్లతో తాళం. పీఈటీ సార్ విజిల్ కూడా అందులో కలిసిపోయింది. వాడు బిత్తరపోయి, "కాదండీ, నిజంగానే అంటున్నానండీ" అన్నాడు. ఇంకా పెరిగింది. మాస్టారి పెదాలు సాగింది అప్పుడే. లేచి వాడి భుజం మీద చెయ్యి వేసి, "పదండి, క్లాసుకి వెళ్దాం" అనబోయారు. "పదం..." దాకా వచ్చింది. మిగతాది మింగేసి, "పద" అన్నారు.

ఆ రోజు నుంచి ఆయన క్లాసులో ఎవరినీ మీరు అనలేదు. నువ్వు అనడం చేతకాక, పేర్లు పిలవడం మానేసి, సుద్దముక్కతో చూపించేవారు. "నెక్స్ట్. ఆ వరస. నెక్స్ట్." పక్క గదిలో పాఠం చెబుతూ నేను వింటూనే ఉండేదాన్ని. అర్ధసంవత్సరం పరీక్షల పేపర్లు దిద్ది, మార్కులు వేసి, తాళంచెవి ఆఫీసులో ఇచ్చి, తాడేపల్లిగూడెంలో ఏదో ట్యుటోరియల్లో చేరిపోయారు. మంచి జీతమట అని స్టాఫ్ రూములో అనుకున్నారు. క్షమాపణ చెప్పిన కుర్రాడు ఆయన వెళ్ళిన రోజున నా దగ్గరికొచ్చి, "నేను మళ్ళీ చెప్పనా టీచర్, వేరేలా?" అని అడిగాడు.

ఆ సైటు తర్వాత మూతపడింది. మేమంతా మీటలు నొక్కి చేయలేని పని కాలం చేసిపెట్టింది, అదీ తీరిగ్గా, ఎవరికీ అక్కర్లేని వేళకి. నేను మాత్రం ఆ వారం రోజుల్నీ ఇప్పటికీ గంటగంటకీ తిరగేస్తూ ఉంటాను. కమిటీ మాట్లాడింది, తండ్రి మాట్లాడాడు, ప్రిన్సిపాల్ గారు మాట్లాడారు, అందరికంటే ఎక్కువ నేను మాట్లాడాను. ఆయన మాత్రం పక్క గదిలోనే ఉన్నారు, రెండో పీరియడు ఖాళీ కూడా. వెళ్ళి "మాస్టారూ, మమ్మల్ని ఏం చెయ్యమంటారండీ?" అని అడగడానికి ఒక్క నిమిషం పట్టేది. ఆ నిమిషం మాలో ఏ ఒక్కరి దగ్గరా ఎందుకు లేకపోయింది?