యాసకు మార్కుల్లేవు

హోటల్ రిసెప్షన్‌కు ఆవిడే పెద్దదిక్కు, అందరికీ పెద్దక్క. రిసెప్షన్‌లో ఉద్యోగానికి వచ్చినవాళ్ల ఇంటర్వ్యూలో తానే కోపిష్టి గెస్టు అవతారమెత్తి, నా గది ఇంకా సిద్ధం కాలేదేమని ఇంగ్లీషులో విరుచుకుపడుతుంది. జవాబు ఉన్నదున్నట్టు రాసుకున్నాకే మార్కులు వేస్తుంది.

ఆ రోజు గడగడా ఇంగ్లీషు మాట్లాడే కుర్రాడు "కామ్ డౌన్ మేడమ్" అన్నాడు. అయిదుకు రెండు. తర్వాత వచ్చిన అమ్మాయి మోటు యాసలోనే, తడబడకుండా సారీ చెప్పి, పేరడిగి, గది ఎప్పటికి సిద్ధమవుతుందో కనుక్కుని చెబుతానంది. అయిదుకు అయిదు.

"ఆ యాసకి అయిదా? తగ్గించు," అన్నాడు మేనేజరు.

"యాసకి మార్కుల్లేవు సార్. గెస్టుకి అర్థమైందా లేదా, అంతే."

"మన హోటల్ పరువేం కావాలి?"

పెద్దక్కకు ఒళ్లు మండింది. "ఇన్నేళ్లూ మీ గెస్టుల కోపం చల్లార్చింది ఇలాంటి యాసే, నాది! తగ్గించాలంటే ముందు నాకే తగ్గించండి," అంటూ పెన్ను ఆయన ముందుకు తోసింది.

ఆయన దాన్ని ముట్టుకోలేదు.